ఆర్డర్ కాదు, సలహా

పటేలు పంపిన సీతాఫలాల గంప ఆఫీసు మూలన మూడు రోజులుగా కుళ్లుతోంది. మొదటి రోజు మిస్సమ్మ చెంచాతో రెండు పండ్లు తిని "ఎంత తియ్యగా ఉన్నవి, జేన్!" అన్నది. రెండో రోజు నుంచి చీమలు తింటున్నాయి. ఆ వాసన నా టైపు మిషను రిబ్బనుకు కూడా పట్టుకుంది. బయట పారేస్తానంటే ఒప్పుకోదు, ఇచ్చినవారి మనసు నొచ్చుకుంటుందట. పటేలు ఉండేది కొత్తకోట అవతలి ఊళ్లో. పాలమూరు కాంపౌండులో మా ఆఫీసు మూలను ఆయన మనసు ఎట్లా చూస్తుందో నాకు తెలియదు.

నా పేరు జంగమ్మ. జేన్ అనేది మిస్సమ్మ పెట్టుకున్న పేరు. సికింద్రాబాదులో ఏడాదిన్నర టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని వచ్చాను. మిషను మీద పని చేస్తానని తెలిసి మా వాడలో మొదట్లో రైకలు కుట్టమని బట్టలు తెచ్చి ఇచ్చారు.

మిస్సమ్మ అమెరికా నుంచి వచ్చి పదకొండేళ్లయింది. జిల్లాలో క్రైస్తవ మిషను బడులన్నీ ఆమె చేతి కిందివే. తెలుగు బాగానే వచ్చు, పుస్తకంలో నేర్చుకున్న తెలుగు. దీవించాలన్నా, అరటిపండు బేరం చెయ్యాలన్నా తెలుగులోనే మాట్లాడుతుంది. ఎవరికైనా కష్టం కలిగించే పని ఉంటే మాత్రం ఇంగ్లీషులోకి పోతుంది. అప్పుడు నన్ను పిలుస్తుంది.

ఆ రోజు పిలిచి కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. కురుమయ్యను ఒకటో తారీకు నుంచి మోత్కూరుకు బదిలీ చేయడమైనది, అని ఒక్క వాక్యం. కొట్టాను. కాగితం తీసి ఇచ్చాను. ఆమె సంతకం పెట్టబోయి ఆగింది. బీరువా తెరిచి రూల్సు పుస్తకం తీసింది. ఆ పుస్తకం కూడా నేను కొట్టిందే కాబట్టి ఏ పేజీ చూస్తున్నదో నాకు తెలుసు. టీచరును మిషను బదిలీ చేస్తే నెలలోగా ఆ ఊరికి ఇంకో టీచరును పంపాలి. టీచరు తనంత తానే వెళ్లిపోతే బడి మూసెయ్యవచ్చు.

కాగితం చింపలేదు. యుద్ధం రోజులు, తెల్ల కాగితం దొరకడం కష్టం. వెనక్కి తిప్పి నా చేతికే ఇచ్చింది.

"దీని మీదనే కొట్టుము. సూపర్వైజరు గుర్వయ్య గారికి."

చెప్పడం మొదలుపెట్టింది. కురుమయ్య ఆరోగ్యం గురించి, భార్యాపిల్లల గురించి ఎంతో దయగా రెండు వాక్యాలు. తర్వాత, "ఐ సజెస్ట్ దట్ హి గో టు మోత్కూర్ బిఫోర్ ద ఫస్ట్."

నేను 'గోస్' అని కొట్టాను. సికింద్రాబాదులో మా మేడం హి, షి, ఇట్ వస్తే చివర ఎస్ ఉండాలని వేళ్ల మీద రూళ్లకర్రతో కొట్టి నేర్పింది. మిస్సమ్మ భుజం మీదుగా వంగి చూసి రబ్బరు తీసుకుని ఆ ఎస్ చెరిపింది.

"తప్పు కాదా అమ్మా? హి వచ్చింది కదా."

"కాదు, జేన్. 'గోస్' అన్నచో అతడు వెళ్లుచున్నాడని వార్త చెప్పినట్లగును. నేను వార్త చెప్పుట లేదు. అతడు వెళ్లిన బాగుండునని కోరుచున్నాను. సజెస్ట్ అను మాట తరువాత క్రియ ఏ తోకయు లేక నిలుచును."

"మా పుస్తకంలో 'షుడ్ గో' అని ఉన్నది."

"అది ఇంగ్లండు వారి అలవాటు. మేము ఇట్లందుము."

రెండో ఉత్తరం కురుమయ్యకే. అది మరీ ముద్దుగా ఉంది. పైన 'స్నేహపూర్వకమైన సలహా' అని మొదలుపెట్టించి, "ఇఫ్ ఐ వర్ యు, ఐ వుడ్ టేక్ మై ఫ్యామిలీ టు మోత్కూర్" అన్నది. నేనే నువ్వైతే నా కుటుంబాన్ని మోత్కూరుకు తీసుకుపోతాను, అని. ఐ పక్కన వాజ్ కదా అని తల ఎత్తాను. ఈసారి ఆమె నవ్వింది కూడా.

"వాజ్ అన్నచో నిజముగా ఒకప్పుడు ఉంటినని అనిపించును. నేను కురుమయ్యను కాను గదా. కాను గనుకనే వర్."

"కాకుంటే మరి అయినట్టు అనుకోవడం ఎందుకమ్మా?"

"అదే స్నేహము, జేన్."

టైపు మిషను మీద రంగు చుక్కల మీట ఒకటి ఉంటుంది. తెల్ల చుక్క దగ్గర పెడితే రిబ్బను పైకి లేవదు. అచ్చు మామూలుగానే గుద్దుతుంది, కాగితం మీద సిరా మాత్రం పడదు. స్టెన్సిలు కోయడానికి పెట్టారు దాన్ని. మిస్సమ్మ ఇంగ్లీషుకు కూడా అట్లాంటి మీట ఒకటి ఉందని నాకు అంతకుముందే తెలుసు. హాస్టలు వంట చేసే బిక్షమ్మకు కాళ్లు వాచినప్పుడు "ఐ సజెస్ట్ దట్ షి రెస్ట్" అని కొట్టింది నేనే. గుర్వయ్య పంతులు పోయి "రేపట్నుంచి రావద్దన్నరు" అని చెప్పాడు. బిక్షమ్మ నెల రోజులు పిలుపు కోసం చూసి, ఆ తర్వాత కాంపౌండు గేటు ముందర పల్లీలు అమ్ముకుంటూ కూర్చుంది. ఒకసారి నేను అడిగితే మిస్సమ్మ ఆశ్చర్యపోయింది. "నేను పొమ్మనలేదే! ఆమెయే రాలేదు" అన్నది. అబద్ధం కాదు. అబద్ధమైతే కనీసం అబద్ధం అనుకుని ఊరుకుందును.

కురుమయ్యది మా పక్క వాడే. ఏడో తరగతి దాకా మిషను హాస్టల్లో చదివి, కొత్తకోట అవతల ఆ ఊళ్లో మూడేళ్లుగా బడి నడుపుతున్నాడు. పద్నాలుగు మంది పిల్లలు. అందులో ఆరుగురు ఇదివరకు పటేలు పసులు కాసేవాళ్లు. వాళ్లు పలకలు పట్టుకున్నప్పటి నుంచి పటేలుకు పొద్దున పసులు తోలేవాళ్లు లేరు. మొదట బడి తలుపు విరిగింది. తర్వాత గుడిసె మీది గడ్డి కాలింది. ఆ తర్వాత పటేలే స్వయంగా పాలమూరు వచ్చి, సడక్ పక్కన దవాఖానకు జాగ రాసిస్తానన్నాడు. సీతాఫలాలు దిగింది ఆ రోజే.

మంగళవారం నాడు కురుమయ్య వచ్చాడు. గుర్వయ్య పంతులు వరండాలో కూర్చుని ఉత్తరం చదివి వినిపించాడు. పంతులు నోట్లో ఎప్పుడూ తమలపాకు ఉంటుంది. ఆ రోజు ఎర్రటి తుంపర ఒకటి 'ఫ్రెండ్లీ' అన్న మాట మీదే పడింది. తుడిచాడు, అది ఇంకా వెడల్పయింది.

"మిస్సమ్మ సెలవిచ్చిందయ్యా. ఒకటో తారీకు లోపట మోత్కూరుకు పొమ్మన్నది. మూట గట్టుకో."

"ఆర్డరా పంతులూ?" అన్నాడు కురుమయ్య.

"పెద్దోళ్లు జెప్పినంక ఆర్డరేంది, ముచ్చటేంది? అన్నీ ఒకటే."

"ఒకటెట్లయితది? ఆర్డరైతె మొహరుంటది. నా జాగల ఇంకో పంతులొస్తడు. ఏదీ, మొహర్ సూపియ్యి."

"నీకు పానం మీద తీపి లేదారా? పటేలు మనుషులు నిన్న నీ బడి దిక్కు వొయిన్రట. నీ మంచికోరే జెప్పింది తల్లి."

"నా మంచి నాకెరుకనే. బడి సంగతేంది?"

పంతులు ఆకు ఇంకో దవడకు మార్చుకున్నాడు. "బడికేమైతది? గోడలు యాడికి వోతయ్?"

కురుమయ్య కాగితం తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషు బైబిలు వేలు పెట్టుకుని చదవగలడు, ఇట్లాంటి ఉత్తరాలు మాత్రం ఆయన చదివిన బైబిలులో లేవు.

"చెల్లె, నిజం జెప్పు. గిండ్ల పొమ్మని ఉన్నదా?"

నాకు పొరుగూళ్లలో పెద్దవాళ్ల మాట తీరు తెలుసు. 'పోతే బాగుంటది' అని దొర గడపలో ఎవరన్నా అంటే, విన్నవాడు అన్నం కుండ దించకుండానే ఊరు దాటుతాడు. ఇక్కడ సలహా అన్నది ఎవరూ ఎరుగరు, అది వేషం వేసుకొచ్చిన ఆర్డరే. మిస్సమ్మకు అది తెలియదని ఇన్నాళ్లూ అనుకున్నాను. పదకొండేళ్లు ఇక్కడే ఉంది. బిక్షమ్మ గేటు ముందరే ఉంది. తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"లేదన్నా," అన్నాను. "ఆమె నువ్వైతే పోతదట. నువ్వు పొమ్మని యాడ లేదు."

"ఆమె నేనెట్లయితది?"

"కాదు గనుకనే గట్ల రాస్తరట. నేనడిగిన."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"అంటే పోకపోయినా తప్పు గాదు."

"తప్పు గాదు. పోతే మాత్రం నీ అంతట నువ్వు వోయినట్టు. బడి మూసేస్తరు." గొంతు తగ్గించి, పంతులుకు రాసిన కాగితం వెనక ఏముందో కూడా చెప్పాను. పంతులు చదివి ఫైలుకు తిరిగిచ్చిన ఆ ఉత్తరం తీసి తిప్పి చూపించాను. బదిలీ చేయడమైనది, అని మొదటి వాక్యం అక్కడే ఉంది, సంతకం లేకుండా.

ఆఫీసు కాగితం బయటివాళ్లకు చూపించానంటే నా ఉద్యోగం ఆ క్షణమే పోవాలి. సీతాఫలం వాసన, పంతులు ఆకు వాసన, కార్బను వాసన, అన్నీ గొంతులోకి వచ్చాయి. ఆ ఉత్తరాలు అక్షరం తప్పు లేకుండా కొట్టింది నేనే కదా అని కూడా గుర్తొచ్చింది. బిక్షమ్మది కూడా నేనే.

కురుమయ్య ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివాడు.

"నాకు గీ ఆర్డర్ గావాలె చెల్లె. నన్ను మోత్కూరుకు తోలని, ఇంకేడికన్న తోలని. నా జాగల ఒక మనిషి రావాలె. బడి తలుపు ఒక్క నెల మూసిన్రనుకో, పటేలు అండ్ల గొడ్లను గట్టేస్తడు. మళ్ల ఎవడు తెరుస్తడు?"

"అడిగితే ఇయ్యదన్నా. ఆమె ఎవ్వల్నీ పొమ్మనది. అదే ఆమె మంచితనం."

"అడగ. నేను గుడ సలహా జెప్త. రాస్తవా?"

"నువ్వా? మిస్సమ్మకా?"

"దోస్తుకు జెప్పినట్టే రాసింది గద నాకు. దోస్తంటె ఇటు గుడ ఉండాలె. ఏం, తప్పా?"

తప్పని చెప్పాలి. చెప్పలేదు. కాగితం ఎక్కించాను.

ఆయన తెలుగులో చెప్పాడు, నేను ఇంగ్లీషులో కొట్టాను. ఆమె నేర్పినట్టే కొట్టాను. స్నేహపూర్వకమైన సలహా, అని మొదలు. తర్వాత, "ఇఫ్ ఐ వర్ యు, ఐ వుడ్ కమ్ టు ద విలేజ్ వన్స్." నేనే మీరైతే ఒక్కసారి ఊరికి వచ్చి చూస్తాను. "ఐ సజెస్ట్ దట్ ద చిల్డ్రన్ బి టోల్డ్ బై యు." బడి ఎందుకు మూస్తున్నారో పిల్లలకు మీరే చెబితే బాగుంటుంది. ఇక్కడ 'ఆర్' పెట్టకూడదు, 'బి' ఉండాలి. చెప్పారని కాదు కదా, చెప్పాలని కోరడమే కదా. చివర, పటేలు గారు పండ్లు పంపడం మానుకుంటే బాగుంటుందని కూడా రాయమన్నాడు. అది వద్దన్నాను.

"ఎందుకు? వాసన నాకే కొడుతున్నది, నీకు గొట్టదా?"

"కొడుతున్నది గనుకనే వద్దంటున్న. రాస్తే నవ్వుకుంటం. నవ్వితే పని గాదు."

సరేనని సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం విడివిడిగా, పలక మీద రాసినట్టు.

మిస్సమ్మ సాయంత్రం చాయ్ తాగుతూ చదివింది. నేను ఎదురుగా నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గర కనుబొమలు లేచాయి. రెండో దగ్గర కప్పు సాసరు మీద పెట్టింది, చాయ్ తొణికింది.

"ఇది ఏమి, జేన్?"

"కురుమయ్య రాసిండమ్మా."

"నేనే మీరైతే, అని నాకు వ్రాసెనా? నాకు సలహా చెప్పుటకు అతడెవరు?"

"పైన ఫ్రెండ్లీ అని ఉన్నదమ్మా."

ఆమె ముఖం మెడ దాకా ఎర్రబడింది. పదకొండేళ్లలో ఆమెకు ఎవరూ సలహా చెప్పి ఉండరు. ఉత్తరంలో ఒక్క కటువైన మాట లేదు. ఆమె మాటలే, ఆమె మర్యాదే, ఆమె క్రియ తోక లేకుండా నిలబడిన తీరే. కింది నుంచి పైకి వచ్చేసరికి అదే పొగరైంది. నాకు ఆమె మీద కోపం కూడా రాలేదు. వంట గిన్నెలో బల్లి కనబడినప్పుడు గిన్నె మీద కోపం రాదు కదా. తిన్నది కక్కాలనిపిస్తుంది, అంతే.

"అహంకారము!" అన్నది. లేచి నిలబడింది. "అతనిని బదిలీ చేయుచున్నాను. వ్రాసికొనుము. కురుమయ్య ఈజ్ ట్రాన్స్‌ఫర్డ్..."

రాసుకున్నాను. మీట నల్ల చుక్క మీద ఉందో లేదో ఒకసారి చూసుకుని కొట్టాను. ఇంత వేగంగా సికింద్రాబాదు పరీక్షలో కూడా కొట్టలేదు. ఆమె సంతకం పెట్టింది. మొహరు కొట్టి, బయటికి పోయే కాగితాల జావక్ రిజిస్టరులో నంబరు ఎక్కించి, ఒక నకలు మిషను బడులకు పైనున్న కమిటీ కవరులో పెట్టాను. బదిలీ కాగితం ఏదైనా కమిటీకి పోవాల్సిందే. టపా మనిషి సైకిలు మలుపు తిరిగిన తర్వాత గుర్వయ్య పంతులు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఆర్డరిచ్చిన్రా? రూలున్నది గదమ్మా! నెల లోపట ఇంకో మనిషిని..."

మిస్సమ్మ నా వైపు చూసింది. అప్పటికి ఎరుపు తగ్గింది. కళ్లలో లెక్క మొదలైంది.

ఆ తర్వాత నెల అంతా ఆమె మనిషి కోసం వెతికింది. వెతికింది అనడం కన్నా, ఎవరూ దొరకకుండా చూసుకుంది అనాలి. ఐలేశం అనే టీచరు పోతానని వస్తే, "నేనే నీవైతే అంత దూరము వెళ్లను" అన్నది. ఆయన దండం పెట్టి వెనక్కి పోయాడు. ఇంకొకామెకు చంటిపిల్ల ఉంది, ఆమెకు కూడా స్నేహపు సలహాయే చెప్పింది. నెలకు ఆరు రోజులు మిగిలాయి. మనిషి దొరకలేదని కమిటీకి ఉత్తరం రాయించబోయింది. అప్పుడు నేను నోటుబుక్కు మూశాను.

"నేను పోతానమ్మా."

"నీవా? నీవు టైపిస్టువు."

"ఎనిమిది దాకా చదివిన. పలక మీద అక్షరం దిద్దించనీకి గది సాలదా? మనిషి దొరకలేదని నన్నే రాయమంటరు. దొరికిన మనిషి ఎదురుంగనే కూసున్నది."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. గొంతు మెత్తబడింది.

"జేన్, పటేలు మంచివాడు కాడు. ఇఫ్ ఐ వర్ యు..."

"మీరు నేను కారమ్మా."

పంతులు గడపలో నిలబడి నోరు తెరిచాడు, లోపల ఆకు కనబడింది. మిస్సమ్మకు కోపం రాబోతున్నట్టు అనిపించింది. ఈసారి జాగ్రత్తపడింది, తెచ్చుకోలేదు. కానీ కమిటీకి బదిలీ నకలు పోయింది, రూలు ఉంది, మనిషి ఎదురుగా ఉంది. ఇంకేం మిగల్లేదు.

"వెళ్లు," అన్నది. తెలుగులో.

నా ఆర్డరు నేనే కొట్టుకున్నాను. సంతకం పెట్టేటప్పుడు ఆమె, ఇక్కడ టైపు ఎవరు చేస్తారు అని గొణిగింది. కొత్త మనిషి కావాలంటే సికింద్రాబాదుకు రాయండి అన్నాను. ఇంటికి పోతే మా అవ్వ నెత్తి కొట్టుకుంది. "గంత సదివి, కుర్సీల కూసునే కొలువిడిసి, పటేలు వాకిట్లకు వోతవానే?" అని రాత్రి అన్నం పెట్టలేదు. పొద్దున మాత్రం రొట్టెలు మూట కట్టింది.

కొత్తకోటలో బస్సు దిగి ఏడు మైళ్లు ఎద్దుబండి మీద పోయాను. కురుమయ్య ఊరి బయట ఎదురొచ్చాడు. ఆయన బండి మోత్కూరుకు కట్టి ఉంది, భార్య సైదమ్మ కుండలు సర్దుతోంది. బడి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"భయమైతాందా చెల్లె?"

"అయితాంది."

"నాకు గుడ మొదట్ల గట్లనే అయింది. ఇప్పటికీ అయితది." బండి ఎక్కబోయి ఆగి, "తలుపు కింది చీల వదులైంది, జర చూసుకో" అన్నాడు.

బడి గుడిసె పక్కనే పటేలు పసుల దొడ్డి. పేడ, మూత్రం, ఈగలు. తలుపు తీస్తే ఈగలు నా కన్నా ముందు లోపలికి పోయాయి. గడ్డి కాలిన చోట ఆకాశం కనబడుతోంది. మొదటి రోజు తొమ్మిది మందే వచ్చారు. మిగిలిన ఐదుగురు దొడ్డి అవతల పసులను తోలుతూ నా వైపు చూడకుండా పోయారు. పటేలు మనిషి ఒకడు దొడ్డి గోడ మీద కూర్చుని బీడీ కాలుస్తూ రోజంతా మమ్మల్నే చూశాడు.

ముందు వరసలో కూర్చున్న పిల్ల, ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"పంతులమ్మా, నువ్వెన్ని దినాలుంటవ్?"

ఆర్డరు నా సంచిలోనే ఉంది. అందులో ఏముందో నాకు చూడకుండానే తెలుసు.

"దినాలు రాయలే," అన్నాను. "పలక తియ్యి."